25 వేలకు కెమెరా ఫోనా, బ్యాటరీ ఫోనా? ముందు మీ పాత ఫోను లెక్క తీయండి

ప్రశ్న: నేను ఖమ్మంలో మెడికల్ రెప్‌ని. రోజంతా బైక్ మీదే తిరుగుడు, వారానికి ఒకరోజు సత్తుపల్లి రూట్. పాత ఫోను 5000 ఎంఏహెచ్, మూడేళ్లయింది. పొద్దున 8కి 100 ఉంటే సాయంత్రం 6కి 10కి పడిపోతోంది. పాపకి ఎనిమిది నెలలు, ఇంట్లో తీసిన ఫోటోలన్నీ మసగ్గా వస్తున్నాయి. 25 వేలలో రెండు ఫోన్లు చూశాను. ఒకదాని కెమెరా బాగుందంటున్నారు, చేతి వణుకును సరిచేసే ఓఐఎస్ ఉంది, బ్యాటరీ 5000, బాక్సులోనే 80 వాట్ల ఛార్జర్. రెండోదానికి 7000 బ్యాటరీ, కెమెరా అదీ 50 మెగాపిక్సెలే గానీ మామూలుదట. ఏది తీసుకోమంటారు?

జవాబు:

మీ విషయంలో కెమెరా ఫోనే తీసుకోమంటానండీ. నేను ఫోన్ల అమ్మకం, రిపేరు రెండూ చూస్తుంటాను. ఈ ప్రశ్న కౌంటర్ దగ్గర రోజూ వస్తుంది. వచ్చినవాళ్లందరికీ ఒకే జవాబు చెప్పలేను, ఎందుకంటే అది వాళ్ల రోజు ఎలా గడుస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది. మీరు గంటలు, శాతాలు ఇచ్చారు కాబట్టి లెక్క వేసి చూపిస్తాను. మీ అంకెలు కొంచెం అటూ ఇటూ అయితే జవాబు ఎక్కడ తిరగబడుతుందో కూడా చెబుతాను.

ముందు బ్యాటరీ సంగతి. మీ పాత ఫోను మీద 5000 అని రాసి ఉన్నా, మూడేళ్లు వాడాక అందులో 5000 ఉండదు. మన ఎండల్లో, రోజూ ఛార్జింగ్ పెట్టే ఫోనుకు మూడేళ్లకు 80 శాతం మిగిలిందంటే బాగానే ఉన్నట్టు. అంటే ఇప్పుడు మీ చేతిలో ఉన్నది దాదాపు 4000 ఎంఏహెచ్ బ్యాటరీ. కొన్ని ఫోన్లలో Settings లోకి వెళ్తే Battery health అని ఈ శాతం కనిపిస్తుంది. లేకపోతే AccuBattery లాంటి యాప్ వేసి కొన్ని రోజులు వాడితే ఉజ్జాయింపుగా చెబుతుంది. మీరు పొద్దున 8 నుంచి సాయంత్రం 6 దాకా 90 శాతం ఖర్చు చేస్తున్నారు. 4000లో 90 శాతం అంటే 3600. పది గంటలకు 3600 కాబట్టి గంటకు 360. ఇదీ మీ అసలు వాడకం. కొత్త ఫోను కొనేటప్పుడు చేతిలో ఉండాల్సిన అంకె ఇదొక్కటే. బాక్సు మీద ఉండే 5000, 7000 దీని పక్కన పెట్టి చూస్తేనే అర్థమవుతాయి.

ఇదే వాడకాన్ని కొత్త 5000 ఫోను మీద పెడితే, సాయంత్రం 6కి ఇంకా 28 శాతం ఉంటుంది. 7000 ఫోనులో 49 శాతం ఉంటుంది. రెండేళ్లు గడిచి రెండు బ్యాటరీలూ 85 శాతానికి దిగాయనుకుందాం. అప్పుడు మొదటిదాంట్లో 15 శాతం, రెండోదాంట్లో 39 శాతం మిగులుతుంది. మీ మామూలు రోజుకు రెండూ సరిపోతాయన్నమాట. రాత్రి ఎలాగూ ఛార్జింగ్ పెడతారు కదా, పెద్ద బ్యాటరీలో మిగిలిన ఆ సగం మీకు ఏ పనికీ రాకుండానే తెల్లారుతుంది. దానివల్ల ఒక మేలు లేకపోలేదు. రోజూ అడుగు దాకా ఖాళీ కాని బ్యాటరీ కాస్త నెమ్మదిగా అరుగుతుంది. కానీ దానికోసమని కెమెరా వదులుకోనక్కర్లేదు.

ఇక్కడ చిన్న సవరణ ఒకటుంది. కొత్త ఫోనులో ప్రాసెసర్ పొదుపుగా ఉండొచ్చు, స్క్రీన్ మాత్రం ఎక్కువ వెలుగుతో ఉండి ఎక్కువ తినొచ్చు. అందుకే 7000 ఉన్నంత మాత్రాన 5000 కన్నా సరిగ్గా 40 శాతం ఎక్కువ సేపు వస్తుందని లేదు. దీన్ని సరిచూసుకోవడానికి ఒక దారుంది. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి అమ్మే ప్రతి ఫోను మీదా ఎనర్జీ లేబుల్ ఉండాలి. ఒకసారి నిండా ఛార్జి చేస్తే ఎన్ని గంటలు వస్తుంది, ఎన్నిసార్లు ఛార్జి చేసినా బ్యాటరీ 80 శాతం నిలుస్తుంది అన్నవి అందులో రాయాలి. మీరు చూసిన మోడల్ అక్కడ కూడా అమ్ముతుంటే eprel.ec.europa.eu లో వెతికితే ఆ లేబుల్ దొరుకుతుంది. ఒక జాగ్రత్త ఏంటంటే, అదే పేరుతో అక్కడ అమ్మే ఫోనులో బ్యాటరీ చిన్నదిగా ఉండే మోడళ్లు కొన్ని ఉన్నాయి. ఎంఏహెచ్ ఒకటేనో కాదో చూసుకున్నాకే పోల్చండి.

ఇప్పుడు అసలు చిక్కు సత్తుపల్లి రోజు. పొద్దున 7కి బయల్దేరి రాత్రి 9కి ఇల్లు చేరారనుకుందాం. పద్నాలుగు గంటలు, గంటకు 360 చొప్పున 5040. కొత్త 5000 ఫోను కూడా ఇల్లు చేరేసరికి ఆగిపోతుంది. 7000 ఫోనులో 28 శాతం మిగులుతుంది. పైగా ఊళ్ల మధ్యలో సిగ్నల్ బలహీనపడ్డప్పుడు ఫోను టవర్‌ని అందుకోవడానికి ఎక్కువ శక్తితో ప్రసారం చేస్తుంది, కాబట్టి ఆ రోజు వాడకం 360 దాటినా ఆశ్చర్యం లేదు. ఈ ఒక్క రోజే చూస్తే బ్యాటరీ ఫోనుదే పైచేయి.

కానీ ఆ రోజు మధ్యాహ్నం మీరు ఎక్కడో ఒకచోట భోంచేస్తారు. ఒంటిగంటకి ఫోను 57 శాతం దగ్గర ఉంటుంది. దాని సొంత 80 వాట్ల ఛార్జర్ పెడితే భోజనం ముగిసేలోగా, అంటే అరగంటలో, 90 దాటుతుంది. అక్కడి నుంచి రాత్రి 9 దాకా ఎనిమిది గంటలకు 2880 పోయినా, ఇల్లు చేరేసరికి 30 శాతానికి పైనే ఉంటుంది. రెండేళ్ల తర్వాత బ్యాటరీ అరిగినా, ఇదే పద్ధతిలో 20 శాతం మిగులుతుంది. వారానికి ఒక్కరోజు, ఒక్క అరగంట. దీనికి ఒప్పుకోగలిగితే 5000 ఫోను మీకు చాలు.

ఇందులో జనం ఎక్కడ పొరపాటు పడతారంటే, ఛార్జర్ ఇంట్లో వదిలేసి హోటల్లో దొరికిన ఛార్జర్ పెడతారు. 80 వాట్లు అన్నది ఆ కంపెనీ ఛార్జర్, దాంతో వచ్చిన కేబుల్ రెండూ ఉంటేనే వస్తుంది. 10 వాట్ల మామూలు ఛార్జర్‌తో అదే అరగంటలో ఇరవై శాతం ఎక్కితే ఎక్కువ. కాబట్టి బాక్సులో వచ్చిన ఛార్జర్ మీ శాంపిల్ బ్యాగులో ఉండాలి, ఇంట్లో రాత్రి పూటకు పాత ఛార్జర్ చాలు. రాత్రి నెమ్మదిగా ఎక్కితే వేడి తగ్గుతుంది, బ్యాటరీకి అదే మంచిది. భోజనం దగ్గర ప్లగ్గు దొరుకుతుందన్న నమ్మకం లేకపోతే 10,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకు ఒకటి తీసుకోండి. దాని మీద 10,000 అని ఉన్నా వోల్టేజీ మార్పులో కొంత పోతుంది, ఫోనుకు చేరేది 6000 చుట్టుపక్కల. బాక్సు వెనక చిన్న అక్షరాల్లో Rated capacity అని ఆ నిజమైన అంకె వేసి ఉంటుంది. మీ ఫోను ఒకసారి నిండడానికి అది సరిపోతుంది.

బ్యాటరీ లోటును ఇలా ఛార్జర్‌తోనో, పవర్‌బ్యాంకుతోనో, చివరికి సర్వీసు సెంటర్లో కొత్త బ్యాటరీ వేయించో పూడ్చుకోవచ్చు. కెమెరా లోటుకు బయట నుంచి తెచ్చి పెట్టేదేమీ లేదు. నేను మీకు కెమెరా వైపు మొగ్గడానికి ఇదే కారణం. కాకపోతే ఆ కెమెరా నిజంగా మీకు కావలసిన పనిలో బాగుందా అన్నది తేల్చుకోవాలి. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

మీ ఫోటోలు మసగ్గా ఎందుకొస్తున్నాయి? మీరు ఇంటికి చేరేది చీకటి పడ్డాక. హాల్లో ఒక ట్యూబ్‌లైటు, కింద పాప పాకుతూ ఉంటుంది. ఆ వెలుతురులో చిన్న సెన్సర్ ఉన్న ఫోను తగినంత కాంతి పట్టుకోవడానికి షటర్‌ని సెకనులో 25వ వంతు తెరిచి ఉంచుతుంది. పాప చెయ్యి సెకనుకు అరమీటరు వేగంతో కదిలిందనుకోండి, ఆ కాసేపట్లో చెయ్యి రెండు సెంటీమీటర్లు జరిగిపోతుంది. ఫోటోలో వేళ్లు కలిసిపోయి కనిపిస్తాయి. అదే షటర్ 75వ వంతు అయితే జరిగేది ఏడు మిల్లీమీటర్లే. ముఖం, చేతులు చాలావరకు స్పష్టంగా వస్తాయి.

షటర్ అంత తొందరగా మూసుకోవాలంటే సెన్సర్ పెద్దదై ఉండాలి. మెగాపిక్సెల్ అంకెకు దీనితో సంబంధం లేదు. శాంసంగ్ తయారుచేసే జేఎన్1 అనే సెన్సర్ 50 మెగాపిక్సెల్, సోనీ వాళ్ల ఐఎంఎక్స్890 కూడా 50 మెగాపిక్సెలే. మొదటిదాని సైజు 1/2.76 అంగుళం, రెండోదాని సైజు 1/1.56 అంగుళం. కింది అంకె చిన్నదయ్యే కొద్దీ సెన్సర్ పెద్దది. ఈ రెండింటి విస్తీర్ణంలో తేడా దాదాపు మూడు రెట్లు, అంటే ఒకే వెలుతురులో మూడు రెట్ల కాంతి అందుతుంది. షటర్ 25వ వంతు నుంచి 75వ వంతుకు వెళ్లగలిగేది ఆ మూడు రెట్ల వల్లే. ఇక ఈ ధరలో చాలా ఫోన్లలో సోనీ ఎల్‌వైటీ-600 అనే మధ్యరకం సెన్సర్ వస్తుంది, దాని సైజు 1/1.95. మీరు చూసిన రెండు ఫోన్ల స్పెసిఫికేషన్లలో ఈ సైజు వెతకండి. ఒకవేళ రెండింట్లోనూ ఎల్‌వైటీ-600 ఉండి, తేడా ఓఐఎస్ ఒక్కటే అయితే నా సలహా మారిపోతుంది, 7000 ఫోనే తీసుకోండి.

ఎందుకంటే ఓఐఎస్ చేసే పని వేరు. మన చెయ్యి వణికినప్పుడు లెన్సును ఎదురు దిశలో జరిపి ఆ కదలికను సరిచేస్తుంది. పాప కదలికను అది ఆపలేదు. పైగా చెయ్యి వణుకు సమస్య తీరింది కదా అని కొన్ని ఫోన్లు షటర్‌ని ఇంకా ఎక్కువ సేపు తెరిచి ఉంచుతాయి. గోడ మీది క్యాలెండర్, రాత్రి పూట గుడి గోపురం అద్భుతంగా వస్తాయి, పక్కన నడిచే మనిషి మాత్రం నీడలా సాగిపోతాడు. షాపులో చూపించే శాంపిల్ ఫోటోలన్నీ కదలని వస్తువులవే కాబట్టి ఈ లోపం అక్కడ బయటపడదు.

అందుకే షాపుకు వెళ్లినప్పుడు ఈ పరీక్ష చేయండి. రెండు ఫోన్ల డెమో సెట్లు అడగండి. కౌంటర్ మీద లైట్లు మరీ ఎక్కువ ఉంటాయి, అక్కడ అన్ని కెమెరాలూ బాగానే కనిపిస్తాయి. కొంచెం వెలుతురు తక్కువున్న మూలకు, మీ హాలు లాంటి చోటుకు వెళ్లండి. వెంట వచ్చినవాళ్లను చెయ్యి మెల్లగా ఊపమని చెప్పి, ఒకే దూరం నుంచి ఒక్కో ఫోనుతో పది ఫోటోలు తీయండి. పదింట్లో వేళ్లు విడివిడిగా కనిపించేవి ఎన్నో లెక్కపెట్టండి. తర్వాత Google Photos లో ఆ ఫోటో తెరిచి పైకి జరిపితే కింద వివరాలు వస్తాయి. ƒ/1.8, 1/33, ISO800 ఇలా వరుసగా ఉంటాయి. అందులో 1/33 లాగా భిన్నంలో ఉన్నది షటర్ సమయం. ఒకే చోట తీసినప్పుడు ఒక ఫోను 1/20 చూపించి ఇంకోటి 1/50 చూపిస్తే, రెండోదే మీ పాపకు సరైన కెమెరా. ఆ ఫోటో కాస్త గరగరగా, నాయిస్‌తో ఉన్నా పర్వాలేదు. నాయిస్‌ను తర్వాత కొంత తగ్గించుకోవచ్చు, కదిలి చెరిగిపోయిన ముఖాన్ని తిరిగి తేలేం.

ఇంకొకటి కూడా చూడాలి, బటన్ నొక్కడానికీ ఫోటో పడడానికీ మధ్య ఆలస్యం. మీ పాత ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి నడిపించండి. కొత్త ఫోనుతో దాన్ని చూస్తూ సరిగ్గా పదో సెకను దగ్గర నొక్కండి. ఫోటోలో 10.1 పడితే బాగుంది. 10.5 పడుతుంటే, పాప నవ్వినప్పుడు నొక్కితే నవ్వు అయిపోయాక ఫోటో వస్తుంది. రెండు ఫోన్లతోనూ రెండు మూడుసార్లు చేసి పోల్చండి, మన చేతి ఆలస్యం రెండింట్లోనూ దాదాపు ఒకటే కాబట్టి కనిపించే తేడా ఫోన్లదే. వాట్సాప్‌లో పంపుకునే ఫోటోలకు ఇంత కెమెరా దేనికని ఇంట్లో అనొచ్చు. వాట్సాప్ ఫోటోను కుదించినప్పుడు సూక్ష్మమైన తేడాలు పోయే మాట నిజమే, కానీ కదిలిపోయిన ఫోటో చిన్న సైజులో చూసినా కదిలినట్టే ఉంటుంది.

ఇప్పుడు మీకు మాత్రమే వర్తించే విషయం ఒకటి చెప్పాలి. మీరు రోజంతా బైక్ మీద తిరుగుతారు, మ్యాప్ చూడటానికి ఫోనును హ్యాండిల్ హోల్డర్‌లో పెడుతుంటే కెమెరా ఫోను కొన్నాక ఆ అలవాటు మానాలి. ఓఐఎస్ ఉన్న కెమెరాలో లెన్సు గట్టిగా బిగించి ఉండదు, అయస్కాంతాల సాయంతో కదిలేలా ఉంటుంది. బైక్ ఇంజన్ అదురు హ్యాండిల్ ద్వారా ఏకధాటిగా తగిలితే ఆ భాగం పాడవుతుంది. ఐఫోన్ల విషయంలో యాపిల్ సంస్థే 2021లో ఈ హెచ్చరిక ఇచ్చింది. ఇదే రకం కెమెరా ఉన్న ఏ ఫోనుకైనా ఈ ప్రమాదం ఉంటుంది. పాడైతే ఎలా తెలుస్తుందంటే, కెమెరా తెరవగానే స్క్రీన్ మీద బొమ్మ అలల్లా వణుకుతుంది, చెవి దగ్గర పెడితే సన్నని గరగర శబ్దం వస్తుంది, దూరం వస్తువు మీద ఫోకస్ కుదరదు. నా దగ్గరికి ఇలా వచ్చేవాళ్లలో డెలివరీ పని చేసే కుర్రాళ్లు ఎక్కువ. దానికి కెమెరా మాడ్యూల్ మొత్తం మార్చడమే మార్గం.

ఫోను జేబులో పెట్టుకుని, ఒక చెవికి ఇయర్‌ఫోన్ పెట్టి మ్యాప్ మాట వింటూ వెళ్లడం మంచిది. రెండో చెవి మాత్రం రోడ్డు కోసం వదిలేయండి. తప్పదనుకుంటే అదురు తట్టుకునే రబ్బరు డ్యాంపర్ ఉన్న హోల్డర్ వాడండి. దీనివల్ల బ్యాటరీకి కూడా లాభమే. ఎండలో హోల్డర్‌లో ఉన్న ఫోను స్క్రీన్ వెలుగును పూర్తిగా పెంచేస్తుంది. మీ గంటకు 360లో పెద్ద వాటా దానిదే అయి ఉండొచ్చు. Settings లో Battery usage తెరిస్తే మ్యాప్స్, స్క్రీన్ ఎంత తిన్నాయో కనిపిస్తుంది. పైగా మే నెల ఖమ్మం ఎండలో నల్లటి ఫోను వేడెక్కితే, ఛార్జింగ్ నెమ్మదిస్తుంది, బ్యాటరీ ఆయుష్షు కూడా తరుగుతుంది.

7000 ఫోను ఎప్పుడు తీసుకోవాలో కూడా చెప్పేస్తాను. సత్తుపల్లి లాంటి రోజులు వారానికి మూడు నాలుగు ఉంటే, మధ్యాహ్నం ఛార్జింగ్‌కు వీలే లేకపోతే, హాట్‌స్పాట్ పెట్టి ల్యాప్‌టాప్ నడుపుతుంటే అదే తీసుకోండి. మ్యాప్ తప్పనిసరిగా హ్యాండిల్ మీదే ఉండాలన్నా అంతే. అందులో ఓఐఎస్ లేకపోతే ఆ అదురుకు మామూలు కెమెరానే మేలు. ఇంకో లెక్క కూడా ఉంది. ఫోనును నాలుగేళ్లు వాడాలనుకుంటే 5000 బ్యాటరీ చివరికి 3750 దగ్గరకు వస్తుంది, మీ రోజుకు 3600 కావాలి, అంటే ఏమీ మిగలదు. మూడో ఏడు దాటాక ఒకసారి బ్యాటరీ మార్పించడానికి సిద్ధపడాలి. చాలా కంపెనీలు తమ వెబ్‌సైట్లో విడిభాగాల ధరలు పెడతాయి, కొనే ముందే ఆ మోడల్ బ్యాటరీ ధర చూసి, దాన్ని కూడా ఫోను ఖరీదులో కలిపి ఆలోచించండి. మార్పించేటప్పుడు కంపెనీ సర్వీసు సెంటర్లోనే చేయించండి. వెనక ప్యానెల్ ఒకసారి తెరిచాక అంటించడం సరిగ్గా కుదరకపోతే నీళ్లకు రక్షణ పోతుంది.

కొనడానికి ఇంకా కొన్ని రోజులు పట్టేలా ఉంటే, ఈలోగా పాత ఫోనుతోనే ఒక ప్రయత్నం చేయండి. కెమెరాలో Pro మోడ్ ఉంటే షటర్‌ని 1/100 దగ్గర పెట్టి ISO ని ఆటోలో వదిలేయండి, హాల్లో ఇంకో లైటు కూడా వేయండి. నాయిస్ వస్తుంది కానీ పాప ముఖం నిలుస్తుంది. ఎనిమిది నెలల పాప ఇప్పుడు చేసేవి వచ్చే నెలకి ఉండవు కదా. రెండు మోడళ్ల పేర్లు చెప్పండి, ఏ సెన్సర్లు ఉన్నాయో చూసి చెబుతాను.